స్టౌట్‌లో కాఫీ, పోర్టర్‌లో చాకొలేట్, హద్దు దాటితే మాడు: నల్ల మాల్ట్ రుచులను విడదీసి తెలుసుకోవడం ఎలా

గ్లాస్గోలో మా వంటింట్లో నేను తయారుచేసిన మొదటి స్టౌట్ బీరు చూడటానికి చాలా బాగుంది. నల్లగా, పైన లేత గోధుమరంగు నురగతో, దీపానికి అడ్డం పెడితే అంచున దానిమ్మ రంగు మెరుస్తూ ఉంది. నోట్లో పోసుకుంటే మాత్రం పొయ్యిలో బూడిద నాకినట్టుంది. దానికి తోడు నాలుక పక్కల సన్నటి పులుపు. చెడిపోయిందేమో అనుకుని లండన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. ఇద్దరం ఒకే దుకాణం నుంచి ఒకే సరుకు తెప్పించుకుని, ఒకే వారంలో, ఒకే కొలతలతో చేశాం.

"నాది బానే వచ్చిందిరా. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ చల్లారితే ఎలా ఉంటుందో అలా ఉంది" అన్నాడు అన్నయ్య.

గింజ ఒకటే, ఈస్ట్ ఒకటే, కొలత ఒకటే. అక్కడ కాఫీ అయింది, ఇక్కడ బూడిద అయింది. ఎందుకో తెలుసుకోవడానికి నాకు ఆరేడు నెలలు పట్టింది. ఆ నెలల్లో నేను చేసిన పరీక్షలనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మొదటి రెండు పరీక్షల్లో పులియబెట్టడం లేదు కాబట్టి ఎక్కడున్నవాళ్ళయినా చేసుకోవచ్చు. మూడోది అసలు బీరు తయారీ. బ్రిటన్‌లో సొంతానికి బీరు చేసుకోవడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలోనూ సొంత వాడకానికి పరిమితి మేరకు చేసుకోనిస్తారు, రాష్ట్రాన్ని బట్టి షరతులుంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం. అక్కడున్నవాళ్ళు రెండో పరీక్ష దగ్గరే ఆగండి.

ముందు మాల్ట్ అంటే ఏమిటో

రాగి మాల్ట్ తాగినవాళ్ళకి సగం విషయం తెలిసినట్టే. రాగులు నానబెట్టి, మూటగట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తాం. బీరుకి రాగుల బదులు బార్లీ వాడతారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. గింజలోని పిండిని చక్కెరగా మార్చేవి ఇవే. మొలక కాస్త పెరగగానే వేడిగాలితో ఆరబెట్టి ఆపేస్తారు. చివర్లో 80-85 డిగ్రీల దాకా వేడి చేసి వదిలేస్తే వచ్చేది లేత రంగు మాల్ట్, అంటే పేల్ మాల్ట్. స్టౌట్ ఎంత నల్లగా ఉన్నా అందులో ముప్పాతిక వంతు దాకా ఈ తెల్లటి మాల్టే ఉంటుంది. దీని వల్లే చక్కెర, ఆ చక్కెర వల్లే ఆల్కహాల్. నల్లగా వేయించిన మాల్ట్‌లో ఎంజైములు పూర్తిగా చచ్చిపోతాయి. దాన్ని వేసేది రంగు కోసం, రుచి కోసం. వంటలో పోపు గింజల లెక్క.

ఈ నల్ల మాల్ట్ పుట్టుక వెనక ఒక లెక్కల గొడవ ఉంది. 18వ శతాబ్దం లండన్‌లో పోర్టర్ అంటే గోధుమరంగు బ్రౌన్ మాల్ట్‌తో చేసే బీరు. ఆ మాల్ట్‌ని కట్టెల మంట మీద ఆరబెట్టేవారు. ఆ శతాబ్దం చివరికి, మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టి తీసే రసంలో చక్కెర ఎంత ఉందో కొలిచే హైడ్రోమీటరు బీరు తయారీదారుల చేతికొచ్చింది. కొలిచి చూస్తే బ్రౌన్ మాల్ట్ నుంచి దిగే చక్కెర పేల్ మాల్ట్ కంటే చాలా తక్కువని తేలింది. డబ్బు పెట్టేవాడు ఊరుకోడు కదా, అందరూ పేల్ మాల్ట్ వైపు జరిగారు. దాంతో పోర్టర్ రంగు వెలిసిపోయింది. మాడ్చిన చక్కెరా అదీ ఇదీ వేసి రంగు తెప్పించసాగారు. 1816లో వచ్చిన చట్టం మాల్ట్, చేదు కోసం వేసే హాప్స్ పూలు తప్ప వేరే రంగు పదార్థాలేవీ వేయకూడదంది. ఆ మరుసటి ఏడే, 1817లో, డేనియల్ వీలర్ అనే ఆయన మాల్ట్‌ని ఇనుప డ్రమ్ములో తిప్పుతూ 200 డిగ్రీలు దాటించి వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. కాఫీ గింజలు వేయించే డ్రమ్ము లాంటిదే. ఆ మాల్ట్ కొంచెం వేస్తే చాలు, పీపా అంతా నల్లబడుతుంది. నల్ల మాల్ట్‌ని పేటెంట్ మాల్ట్ అని ఇప్పటికీ పిలిచేది అందుకే. పోర్టర్లలో గట్టిదాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు, క్రమంగా స్టౌట్ అనే మాట ఒక్కటే మిగిలింది. ఈ రోజు రెండింటి మధ్య గట్టి గీత గీయడం కష్టం. నా మటుకు వేయించిన బార్లీ ముందుకొచ్చి, తీపి లేకుండా కాఫీలా పొడిగా ఉంటే స్టౌట్ అంటాను. చాకొలేట్ మాల్ట్, కాస్త తీపి ముందుంటే పోర్టర్ అంటాను.

మొదటి అడుగు: మూకుడులో బార్లీ

నల్ల మాల్ట్ కొనేముందు పావు కిలో బార్లీ గింజలు తెచ్చుకోండి. బార్లీ నీళ్ళు కాచుకోవడానికి కిరాణా కొట్లో దొరికేవే. ఇవి మొలకెత్తించినవి కావు, పొట్టు కూడా తీసేసి ఉంటాయి. అయినా పరవాలేదు. ఐరిష్ స్టౌట్‌కి ప్రాణం లాంటి రోస్టెడ్ బార్లీ కూడా మొలకెత్తించని గింజే.

మందమైన ఇనుప మూకుడు పెట్టి, మధ్యస్థంగా మంట ఉంచి, 200 గ్రాముల గింజలు పోసి ఆపకుండా కలుపుతూ ఉండండి. కిటికీలు తెరవండి, చివర్లో పొగ బాగా వస్తుంది. పక్కన నాలుగు స్టీలు పళ్ళాలు పెట్టుకోండి. గడియారం చూడొద్దు, మంటని బట్టి నిమిషాలు మారిపోతాయి. రంగునీ వాసననీ నమ్ముకోండి.

గింజ దోరగా వేగి, పేలాల వాసన రాగానే రెండు చెంచాలు మొదటి పళ్ళెంలోకి తీయండి. వేరుశెనగపప్పు రంగుకి తిరిగి, వేయించిన నువ్వుల వాసన, బ్రెడ్ పైపొర వాసన వచ్చినప్పుడు రెండో పళ్ళెంలోకి. కాఫీ గింజ రంగు రాగానే మూడో పళ్ళెంలోకి. అప్పటికి వంటింట్లో వాసన నిజంగానే కాఫీ కొట్టు ముందు నుంచున్నట్టు ఉంటుంది. ఇక్కడి నుంచి జాగ్రత్త. పొగ తెల్లగా చిక్కబడి, ముక్కుకి కమురు వాసన తగలడం మొదలవుతుంది. గింజ బొగ్గులా నల్లబడగానే మిగిలినవన్నీ నాలుగో పళ్ళెంలోకి వంపేయండి. మూకుడులో వదిలేస్తే పొయ్యి కట్టేసినా వేగుతూనే ఉంటాయి. మాల్ట్ కర్మాగారంలో చివరి క్షణంలో తిరిగే డ్రమ్ములోకి నీళ్ళు చిమ్మేది దీనికోసమే. ఆ చివరి దశలో ఒకటి రెండు నిమిషాల ఆలస్యానికే చాకొలేట్ రంగు గింజ నల్ల గింజ అయిపోతుంది. ఇంకా ముదిరితే డ్రమ్ములో నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

చల్లారాక ఒక్కో పళ్ళెం నుంచి నాలుగైదు గింజలు నమలండి. తర్వాత ఒక్కోదాన్ని 10 గ్రాములు బరకగా దంచి, 150 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి, వడకట్టి తాగండి. జపాన్‌లో ఇలాంటి బార్లీ టీని రోజూ తాగుతారు.

ఈ నాలుగు కప్పుల్లో జరిగిందేమిటంటే: గింజలో చక్కెరలు ఉన్నాయి, ప్రొటీన్ల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వేడి తగిలితే రెండూ కలిసి వందల రకాల కొత్త పదార్థాలుగా మారతాయి. దీన్ని మైలార్డ్ చర్య అంటారు. దోసె అంచు ఎర్రబడటం, కాఫీ గింజ వేగడం, కోకో గింజ వేగడం, అన్నింటి వెనకా ఇదే ఉంది. అందుకే బీరులో కాఫీ రుచి వచ్చిందంటే అది పోలిక మాత్రమే అనుకోకండి. కాఫీకి ఆ వాసననిచ్చే ఫర్‌ఫ్యూరిల్ థయాల్ అనే పదార్థం నల్ల మాల్ట్‌లో కూడా పుడుతుంది. వేయించిన పప్పు వాసన, కోకో వాసననిచ్చే పైరజీన్లు రెండింట్లోనూ ఉంటాయి. వేడి ఇంకా పెరిగితే ముందు పుట్టిన ఈ సువాసనల్లో కొన్ని ఎగిరిపోతాయి, కొన్ని విరిగిపోతాయి. వాటి స్థానంలో గ్వాయకాల్ లాంటి పొగ వాసన పదార్థాలు, బూడిద చేదు వస్తాయి. కాబట్టి ఎక్కువ నల్లగా ఉంటే ఎక్కువ కాఫీ రుచి అనుకోవడం తప్పు. మూడో పళ్ళెంలో ఉన్న కాఫీ నాలుగో పళ్ళెంలో తగ్గిపోతుంది. ఇది నాలుకతో చూసినవాళ్ళు మళ్ళీ మర్చిపోరు.

రెండో అడుగు: నాలుగు మాల్ట్‌లు, నాలుగు కప్పులు

ఇప్పుడు అసలు సరుకు. బ్రౌన్ మాల్ట్, చాకొలేట్ మాల్ట్, రోస్టెడ్ బార్లీ, బ్లాక్ మాల్ట్ తలా వంద గ్రాములు, పేల్ మాల్ట్ అరకిలో చాలు. నల్ల మాల్ట్‌ని ఒక్కదాన్నే నానబెడితే నాలుక మొద్దుబారి తేడాలు తెలియవు. బీరులో అది ఏ పాళ్ళలో ఉంటుందో దాదాపు ఆ పాళ్ళలోనే రుచి చూడాలి. అందుకని 8 గ్రాముల నల్ల మాల్ట్‌కి 42 గ్రాముల పేల్ మాల్ట్ కలిపి, బరకగా దంచి, థర్మాస్ ఫ్లాస్కులో వేసి, 65 డిగ్రీల వేడి నీళ్ళు 400 మిల్లీలీటర్లు పోసి, బాగా కుదిపి, పావుగంట ఉంచండి. కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. మాల్ట్ కంపెనీల పరీక్ష గదుల్లో కూడా ఇలాంటి పద్ధతే వాడతారు. ఒక్కో మాల్ట్‌కి ఇలా ఒక్కో కప్పు. గోరువెచ్చగా అయ్యాక వరసగా రుచి చూడండి, మధ్యలో మంచినీళ్ళతో నోరు పుక్కిలించండి.

బ్రౌన్ మాల్ట్ కప్పులో కాల్చిన బ్రెడ్, బిస్కెట్, అడుగున కాస్త కాఫీ ఉంటాయి. నాలుక చివర పొడి వగరు తగులుతుంది. పాత లండన్ పోర్టర్ వెన్నెముక ఇదే.

చాకొలేట్ మాల్ట్‌ని దాదాపు 215-225 డిగ్రీల దగ్గర ఆపేస్తారు. ఇందులో చాకొలేట్ కలపరు, ఆ పేరు రంగుని బట్టి పెట్టింది. మొదటి గుక్కలో చాలామందికి కాఫీయే తెలుస్తుంది, చాకొలేట్ ఏదీ అని అడుగుతారు. ఇక్కడ ఒక పని చేయండి. ఆ కప్పులో సగం వేరే గ్లాసులో పోసి అర చెంచా పంచదార కలపండి. మళ్ళీ తాగండి. ఇప్పుడు కోకో కనిపిస్తుంది. కోకో పొడిని పంచదార లేకుండా నోట్లో వేసుకుంటే మనకి చాకొలేట్ గుర్తుకురాదు, చేదే తెలుస్తుంది. కాఫీ, చాకొలేట్ రెండింటి వాసనల్లో ఉమ్మడి పదార్థాలు చాలా ఉన్నాయి. పక్కన తీపి ఉంటే మెదడు చాకొలేట్ అంటుంది, చేదూ పులుపూ ఉంటే కాఫీ అంటుంది. పోర్టర్‌లో క్రిస్టల్ మాల్ట్ వేసి కాస్త తీపి మిగల్చడం వెనక ఉన్న కిటుకు ఇదే. నాకు ఈ ఒక్క అర చెంచా పంచదార నేర్పినంత చాలా పుస్తకాలు నేర్పలేదు.

రోస్టెడ్ బార్లీ కప్పు తీపి లేని డికాక్షన్‌లా ఉంటుంది. మొలకెత్తించని గింజ కాబట్టి అందులో విడి చక్కెరలు, అమైనో ఆమ్లాలు మాల్ట్ కంటే తక్కువ, అందుకే రుచి పొడిగా, సూటిగా వస్తుంది. డబ్లిన్‌లోని గిన్నెస్ వాళ్ళు తమ బార్లీని 232 డిగ్రీల దగ్గర వేయిస్తామని చెబుతారు. వాళ్ళు కూడా 19వ శతాబ్దంలో నల్ల మాల్టే వాడేవారు. మాల్ట్ మీద పన్ను ఉన్నన్నాళ్ళూ మొలకెత్తించని గింజ వాడటానికి చట్టం ఒప్పుకునేది కాదు. 1880లో ఆ పన్ను ఎత్తేశాకే దానికి దారి తెరుచుకుంది.

బ్లాక్ మాల్ట్ కప్పు వాసనే వేరు. కమురు, బొగ్గు, చివర పదునైన చేదు. ఇందులోనే పులుపు కూడా అందరికంటే బాగా తెలుస్తుంది. వేయించేటప్పుడు ఆమ్లాలు కూడా పుడతాయి కాబట్టి నల్ల మాల్ట్‌లన్నీ ఎంతో కొంత పుల్లగానే ఉంటాయి. ఈ కప్పుని పక్కన పెట్టుకోండి, దీనితో ఇంకో పరీక్ష ఉంది.

వీలైతే ఐదో కప్పు కూడా చేయండి, పొట్టు తీసి వేయించిన నల్ల మాల్ట్‌తో. జర్మనీలో బాంబెర్గ్‌కి చెందిన వైర్‌మాన్ కంపెనీ కరాఫా స్పెషల్ పేరుతో అమ్ముతుంది. రంగు బ్లాక్ మాల్ట్‌కి దగ్గరగా ఉంటుంది, మాడు చేదు మాత్రం చాలా తక్కువ. గింజ మీది పొట్టు ముందుగా మాడిపోతుంది. ఆ గరుకు చేదులో పెద్ద వాటా దానిదే. రంగు చూసి రుచి చెప్పలేమనడానికి ఈ కప్పు సాక్ష్యం. జర్మన్ నల్ల బీరు చూడటానికి స్టౌట్‌లా ఉండి, తాగితే మెత్తగా ఉండేది ఇందువల్లే.

చిటికెడు వంట సోడా

నా బూడిద రుచి స్టౌట్ గుట్టు ఇక్కడే తేలింది. పక్కన పెట్టిన బ్లాక్ మాల్ట్ కప్పుని రెండు గ్లాసుల్లో సగం సగం పోయండి. ఒకదాంట్లో వంట సోడా, గోరంచు మీద నిలిచేంత, వేసి కలపండి. రెండూ తాగి చూడండి. సోడా వేసినదాంట్లో పదును తగ్గి, చేదు గుండ్రబడి, వెనకనున్న కాఫీ కొంచెం ముందుకొస్తుంది. ఇంకో చిటికెడు వేయండి. ఇప్పుడు చప్పబడి, సబ్బు నీళ్ళలా నాలుకకి జిగటగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య సన్నటి జాగా ఒకటుంది. స్టౌట్ చేసేవాళ్ళు పట్టుకోవలసింది దాన్నే.

లండన్ కుళాయి నీళ్ళలో సుద్ద రాయి నుంచి కరిగిన బైకార్బొనేట్ బోలెడంత ఉంటుంది. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది దాని వల్లే. డబ్లిన్ పాత నీటి సంగతీ అంతే. ఆ నీళ్ళలో పేల్ మాల్ట్ ఒక్కటే వేస్తే పులుపు చాలక బీరు గరుకుగా వస్తుంది. నల్ల మాల్ట్ వేస్తే దాని ఆమ్లం, నీళ్ళలోని క్షారం ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. నల్ల బీర్లు ఆ ఊళ్ళలో బాగా కుదరడంలో నీళ్ళ పాత్ర చాలా ఉంది. గ్లాస్గోకి నీళ్ళు లోక్ కాట్రిన్ సరస్సు నుంచి వస్తాయి, చాలా తేలికైన నీళ్ళు. కెటిల్‌లో ఏళ్ళ తరబడి కాచినా తెల్ల పొర కట్టదు. టీకి బంగారం లాంటి నీళ్ళు. నల్ల మాల్ట్ ఆమ్లాన్ని ఆపే శక్తి మాత్రం వాటికి లేదు. అన్నయ్య నీళ్ళు ఆ ఆమ్లాన్ని మింగేశాయి, నా నీళ్ళు అలాగే వదిలేశాయి.

మూడో అడుగు: 20 లీటర్ల స్టౌట్, తప్పు దిద్దుకుంటూ

మొదటిసారి నేను వేసినవి ఇవి: పేల్ మాల్ట్ 3 కిలోలు, బార్లీ అటుకులు 700 గ్రాములు, రోస్టెడ్ బార్లీ 400 గ్రాములు. ఇంకా నల్లగా ఉండాలన్న ఆశతో బ్లాక్ మాల్ట్ 200 గ్రాములు. నల్ల సరుకు మొత్తం 600 గ్రాములు, అంటే మొత్తం గింజలో 14 శాతం. పైగా దాన్ని మిక్సీలో వేసి పొడి చేశాను. పొడి చేస్తే పొట్టు ముక్కలై గరుకు చేదు అంతా దిగుతుంది. అప్పుడు పులుపు చూపే పీహెచ్ కొలవలేదు, ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని లెక్క. తర్వాత అవే కొలతలతో చిన్న గిన్నెలో మళ్ళీ కలిపి, రసాన్ని చల్లార్చి కొలిస్తే 5.1 వచ్చింది. నల్ల బీరుకి 5.4 నుంచి 5.6 మధ్య ఉండాలి.

రెండోసారి బ్లాక్ మాల్ట్ పూర్తిగా తీసేశాను. రోస్టెడ్ బార్లీ 400 గ్రాములే ఉంచాను, అది దాదాపు 10 శాతం అవుతుంది. బార్లీ అటుకులు నోట్లో నిండుదనం కోసం, అవి అలాగే ఉన్నాయి. గింజని నాలుగైదు ముక్కలయ్యేట్టు మాత్రమే పగలగొట్టాను.

12 లీటర్ల నీళ్ళు 72 డిగ్రీలకి వేడి చేసి గింజ కలిపితే వేడి 66 దగ్గర నిలిచింది. ఇలా కలిపి నానబెట్టినదాన్నే మాష్ అంటారు. పది నిమిషాలాగి ఒక గరిటెడు రసం తీసి, గది వేడికి చల్లార్చి కొలిచాను: 5.2. వంట సోడా ఒక గ్రాము తూచి, కాసిని నీళ్ళలో కరిగించి పోసి, కలిపి, ఐదు నిమిషాలాగి మళ్ళీ కొలిచాను. ఇలా ఒక్కో గ్రామూ వేస్తూ పోతే మూడో గ్రాముకి 5.4 దాటింది, అక్కడ ఆపేశాను. ఒకేసారి మూడూ పోసేయొద్దు, మీ నీళ్ళు వేరు. 20 లీటర్ల బీరుకి 5 గ్రాములు దాటించొద్దు, సోడియం పెరుగుతూ పోతే రుచి ఉప్పదనం వైపు జరుగుతుంది. అంత సోడా కావాల్సి వస్తోందంటే నల్ల మాల్ట్ ఎక్కువైందని అర్థం, కొలత తగ్గించుకోండి. మీది సుద్ద నీళ్ళ ఊరైతే సోడా అసలు అక్కర్లేకపోవచ్చు, కొలిచాకే నిర్ణయించండి. పీహెచ్ మీటరు లేకపోతే 4.6 నుంచి 6.2 దాకా చూపే కాగితం ముక్కలు దొరుకుతాయి. నల్ల రసంలో వాటి రంగు చదవడం కొంచెం కష్టం, రసంలో మీగడలా తేలే పిండిని పక్కకి నెట్టి ముంచండి.

గంట తర్వాత వడకట్టి, వేడినీళ్ళతో గింజని కడిగి, రసాన్ని గంటసేపు మరిగించాను. మరుగు మొదట్లో ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అనే రకం హాప్స్ 60 గ్రాములు. ఆఖర్న వాసన హాప్స్ వేయలేదు, వేస్తే కాఫీ వాసనతో గొడవ పడతాయి. హైడ్రోమీటరు 1.043 చూపించింది. ఇక్కడ నుంచి ఈస్ట్, పులియబెట్టడం, సీసాల్లో పట్టడం మామూలు ఏల్ బీరు లాగే.

మూడు వారాలకి సీసా తెరిచాను. డికాక్షన్ వాసన, మధ్యలో కాల్చిన బ్రెడ్, చివర శుభ్రమైన చేదు. అన్నయ్యకి రెండు సీసాలు పంపితే "ఇది నాదాని కంటే బాగుంది" అన్నాడు. అతని దాంట్లో అప్పటికీ 200 గ్రాముల బ్లాక్ మాల్ట్ మాడు సన్నగా ఉండేది, పక్కన పెట్టి చూస్తేనే తెలిసింది.

కాఫీ కాకుండా చాకొలేట్ వైపు వెళ్ళాలంటే పోర్టర్ చేయండి. అదే 20 లీటర్లకి పేల్ మాల్ట్ 3.6 కిలోలు, బ్రౌన్ మాల్ట్ 450 గ్రాములు, మధ్యరకం రంగు క్రిస్టల్ మాల్ట్ 400 గ్రాములు, చాకొలేట్ మాల్ట్ 250 గ్రాములు. మాష్ వేడిని 67-68 దగ్గర ఉంచితే పులవని చక్కెరలు కాస్త ఎక్కువ మిగులుతాయి. పంచదార కప్పు గుర్తుంది కదా, ఇక్కడ ఆ పని ఇవి చేస్తాయి. హాప్స్ 45 గ్రాములకి తగ్గించండి. చాకొలేట్ మాల్ట్ మాత్రం పెంచొద్దు. పెంచితే చాకొలేట్ పెరుగుతుందనుకుని నేను ఒకసారి 500 గ్రాములు వేశాను, వచ్చింది ఘాటు కాఫీ.

తేడా వస్తే ఎలా గుర్తుపట్టాలి

బూడిద, పులుపు రెండూ కలిసి ఉంటే చాలావరకు నీళ్ళ సంగతే, నా మొదటి స్టౌట్ లాగ. పులుపు లేకుండా ఒట్టి మాడు ఉంటే బ్లాక్ మాల్ట్ ఎక్కువైంది, లేదా మరీ మెత్తగా దంచారు. నోరు పట్టేసేలా, పచ్చి వక్క నమిలినట్టు వగరుంటే పీహెచ్ 5.8 దాటిందేమో, లేక గింజని కడిగిన నీళ్ళు మరీ ఎక్కువ, మరీ వేడి అయ్యాయేమో చూడండి. పొట్టులోని టానిన్లు అప్పుడే దిగుతాయి. సబ్బు రుచి, చప్పదనం ఉంటే సోడా ఎక్కువైంది. పులుపు ఒక్కటే ఉండి వారం వారం పెరుగుతుంటే మాత్రం మాల్ట్‌ని తిట్టొద్దు. అది సూక్ష్మజీవుల పని, సామాను సరిగ్గా శుభ్రం కాలేదు.

కాఫీ కావాలి, మాడు అసలే వద్దు అనేవాళ్ళకి ఒక దారి ఉంది. నల్ల మాల్ట్‌ని మాష్‌లో వేయకుండా, పగలగొట్టి, నాలుగు రెట్లు చల్లటి నీళ్ళలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి, వడకట్టి, ఆ నల్ల నీళ్ళని మరుగు ఆఖరి పది నిమిషాల్లో పోయండి. వేడి తక్కువ కాబట్టి గరుకు చేదు తక్కువే దిగుతుంది. మాల్ట్ కొంచెం ఎక్కువ వేయాల్సి వస్తుంది, నేను దాదాపు ఒకటిన్నర రెట్లు వేస్తాను. పోర్టర్‌కి ఇది బాగుంటుంది. డ్రై స్టౌట్‌కి నేను వాడను, దానికి ఆ చివరి పదును కొంచెం ఉండాలి. ఇంకో దారి, నల్ల మాల్ట్‌ని మాష్ చివరి పావుగంటలో మాత్రమే కలపడం. పేల్ మాల్ట్ పని అప్పటికి అయిపోయి ఉంటుంది కాబట్టి మాష్ పీహెచ్ మీద గొడవ తగ్గుతుంది.

పారబోసే ముందు కొన్నాళ్ళు ఆగండి. మాడు పదును సీసాలో నెల, రెండు నెలల్లో కొంత మెత్తబడుతుంది. నా మొదటి స్టౌట్ నాలుగో నెలకి తాగగలిగేలా అయింది, పులుపు మాత్రం పోలేదు. రుచి చూసేటప్పుడు ఫ్రిజ్ నుంచి తీసి వెంటనే తాగొద్దు. మరీ చల్లగా ఉంటే కాఫీ, కోకో వాసనలు పైకి లేవవు, చేదు ఒక్కటే మిగులుతుంది. గ్లాసులో పోసి, 10-12 డిగ్రీలకి వచ్చేదాకా ఓ పావుగంట బల్ల మీద ఉంచి, అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకోండి.